పూస కంటే పిన్నుతోనే ప్రమాదం

రాత్రి ఎనిమిదిన్నర దాటింది. ఓపీ ముగించి లేవబోతుంటే మూడేళ్ల పాపను ఎత్తుకుని ఒక తల్లి పరుగున వచ్చింది. పాప గౌను మీద రక్తపు మరకలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. వెనకే అమ్మమ్మ, మేనమామ.

జరిగింది ఇదీ. మధ్యాహ్నం అమ్మమ్మ పూసల దండ తెగింది. నేల మీద పడ్డ పూసలు ఏరుతూ పాప ఒక పచ్చపూసను కుడి ముక్కులో పెట్టుకుంది. తనే వచ్చి, “అమ్మా, ముక్కులో పూస” అని చెప్పింది కూడా. తల్లి పాప తల పైకెత్తి చూస్తే పూస అంచులోనే మెరుస్తూ కనబడింది. చేతికందేంత దూరంలో ఉన్నట్టే అనిపించింది. అమ్మమ్మ జడలోంచి సైడు పిన్ను తీసి ఇచ్చింది. పిన్ను తగలగానే పాప తల విదిలించింది. రక్తం వచ్చింది, పూస కనబడకుండా పోయింది. తర్వాత మేనమామ ప్లక్కర్ తెచ్చి ప్రయత్నించాడు. పట్టినట్టే పట్టి రెండుసార్లు జారింది. ముక్కుపొడుం పీల్పిస్తే తుమ్ముతో పాటు వచ్చేస్తుందని పక్కింటివాళ్లు చెప్పారట. అదృష్టవశాత్తూ ఆ పని మాత్రం చేయలేదు.

నేను లైటు పెట్టి చూసేసరికి ముక్కు లోపలి పొర వాచి ఉంది. గడ్డకట్టిన రక్తం వెనక ఎక్కడో పూస ఉంది. పాప ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. మధ్యాహ్నమే, ఎవరూ చెయ్యి పెట్టకముందు తెచ్చి ఉంటే తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకునే తీసేయగలిగేవాణ్ని. ఇప్పుడు మత్తు ఇవ్వక తప్పదు. పాప అప్పటికే అన్నం తినేసింది. మత్తుకు ముందు దాదాపు 6 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. ఊపిరికి ఇబ్బంది లేదు కాబట్టి రాత్రంతా వార్డులో కనిపెట్టుకుని ఉండి, పొద్దున్నే ఆపరేషన్ థియేటర్లో తీశాం. తీయడానికి పట్టింది రెండు నిమిషాలే.

“మేం తీద్దామనే కదా డాక్టరు గారూ చేసింది” అంటూ ఆ తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె తప్పేమీ లేదు. కంటికి కనబడుతున్నదాన్ని తీయలేకపోవడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఎందుకు తీయలేమో తెలియాలంటే ముక్కు లోపల ఎలా ఉంటుందో తెలియాలి.

బయట నుంచి చూస్తే ముక్కు రంధ్రం పైకి, కళ్ల మధ్యకు పోతున్నట్టు ఉంటుంది. అసలు దారి అది కాదు. ముక్కు అడుగుభాగం నేలకు సమాంతరంగా వెనక్కి పోయి గొంతు వెనక తెరుచుకుంటుంది. పక్కగోడ నుంచి మెత్తని కండలు లోపలికి పొడుచుకుని ఉంటాయి. పూస సాధారణంగా ఆ కండకూ మధ్యగోడకూ నడుమ ఇరుక్కుని ఆగుతుంది. మధ్యగోడ ముందుభాగంలో సన్నని రక్తనాళాలు ఒకచోట అల్లుకుని ఉంటాయి. పిన్ను మొదట గీరుకునేది అక్కడే. రక్తం కారితే పూస కనబడదు, పొర వాస్తే దారి ఇంకా ఇరుకవుతుంది. పూస ఆ ఇరుకును దాటి వెనక్కి జారితే నేరుగా గొంతులోకే పడుతుంది. మింగితే ఫర్వాలేదు. ఏడుస్తూ గట్టిగా ఊపిరి పీల్చే బిడ్డ దాన్ని ఊపిరి గొట్టంలోకి లాక్కుంటే అది ప్రాణం మీదికి వస్తుంది. ముక్కుపొడుం వద్దనేది కూడా ఇందుకే. తుమ్ముకు ముందు ఎవరైనా లోపలికి గాలి బలంగా పీలుస్తారు.

ఇక పూస గుండ్రటి వస్తువు. ప్లక్కర్ రెండు కొనలూ పూస ముందు సగాన్ని మాత్రమే అందుకుంటాయి. నొక్కినకొద్దీ పూస వెనక్కే జారుతుంది. తడిచేత్తో నిమ్మకాయను నొక్కితే జారిపోయినట్టే. అందుకే మేము గుండ్రటివాటిని పట్టుకుని లాగం. కొన వంచిన సన్నని కొక్కెం ఒకటి ఉంటుంది. దాన్ని పూస పైనుంచి పోనిచ్చి, వెనక్కి చేరాక కొన కిందికి తిప్పి, వెనకనుంచి ముందుకు దొర్లిస్తాం. తలకు కట్టుకున్న లైటు వల్ల రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. రక్తం వస్తే పీల్చే గొట్టం పక్కనే ఉంటుంది. ఒకరు బిడ్డ తలను కదలకుండా పట్టుకుంటారు. ఇవేవీ లేకుండా మొబైల్ లైటు వెలుగులో, గింజుకుంటున్న బిడ్డ ముక్కులో చేసే పని నైపుణ్యంతో అయ్యేది కాదు.

పరికరం లేకుండా తీసే పద్ధతి ఒకటి ఉంది. వైద్యులు దాన్ని తల్లిముద్దు అంటారు. బాగున్న ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, తల్లి బిడ్డ నోటికి తన నోరు ఆనించి ఒక్కసారి పొట్టిగా, బలంగా ఊదుతుంది. గాలి గొంతు వెనకనుంచి తిరిగి వచ్చి పూసను ముందుకు తోస్తుంది. కెనడా వైద్య సంఘం పత్రికలో 2012లో వచ్చిన సమీక్ష ప్రకారం ఇది పదిమందిలో ఆరుగురికి ఫలించింది. దీన్ని డాక్టరు చూస్తుండగా చేయడం మంచిది. ఇంట్లో చేయదగ్గది ఇంకా తేలిక. చీదడం వచ్చిన పిల్లలైతే నోటితో ఊపిరి పీల్చమని చెప్పి, రెండో ముక్కు మూసి, మెల్లగా రెండు మూడుసార్లు చీదించవచ్చు. రాకపోతే అక్కడితో ఆపేయాలి.

ఇక చెవి సంగతి. పెద్దవాళ్లలో చెవి దారి పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. పిల్లల్లో ఇంకా తక్కువ. బయటి భాగం మెత్తటి మృదులాస్థి, లోపలి భాగం ఎముక. ఎముక మీది చర్మం చాలా పల్చన. అక్కడ పుల్ల తగిలితే పెద్దవాళ్లే ఓర్చుకోలేరు. ఈ దారి మధ్యలో ఒకచోట సన్నబడుతుంది. గింజ గానీ పూస గానీ ఆ సన్నని చోటుకు ఇవతల ఉంటే తీయడం సులువు. చీపురుపుల్లతో, దూదిపుల్లతో ఒక్కసారి దాన్ని దాటించారంటే అది కర్ణభేరి పక్కకు చేరుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదోవంతు. దాని వెనకే వినికిడికి ఆధారమైన మూడు చిన్న ఎముకలు ఉంటాయి. గింజ ఎంతకాలం ఉన్నా చేయని నష్టం పుల్ల ఒక్క కుదుపుతో చేయగలదు. శనగ, పెసర, చింతగింజ లాంటివి చెవిలో పడితే నీళ్లు పోయకూడదు. నీటికి అవి ఉబ్బి బిగుసుకుంటాయి.

పురుగు దూరితే కథ వేరు. అది ప్రాణంతో ఉంటుంది. బొద్దింక గానీ ఉసిరి పురుగు గానీ కర్ణభేరి మీద కాళ్లు ఆడిస్తుంటే చెవిలో డప్పు కొట్టినట్టు ఉంటుంది. నొప్పి భరించరానిది. ఆ ఇరుకులో వెనక్కి తిరగలేక అది లోపలికే నెట్టుకుపోతుంది. పుల్ల పెడితే ఇంకా భయపడి లోపలికి పోతుంది, లేదా కాళ్లూ రెక్కలూ తెగి లోపలే మిగిలి చీము పడుతుంది. టార్చి వేస్తే వెలుగుకు వస్తుందన్నది అన్ని పురుగులకూ కుదరదు. బొద్దింక వెలుగు చూస్తే పారిపోయేదే.

ఇక్కడ మొదట చేయాల్సింది తీయడం కాదు, పురుగును చంపడం. బిడ్డను పక్కకు పడుకోబెట్టి పురుగున్న చెవి పైకి ఉంచాలి. చిన్నపిల్లలకు చెవితమ్మెను కొద్దిగా కిందికీ వెనక్కీ లాగితే దారి తిన్ననవుతుంది. ఒంటి వేడికి సరిపడా గోరువెచ్చని కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ కొన్ని చుక్కలు వేసి, కొద్ది నిమిషాలు అలాగే ఉంచాలి. కదలిక ఆగితే బాధ చాలావరకు తగ్గుతుంది. నూనెతో పాటు పురుగు బయటికి కొట్టుకొస్తే మంచిదే. రాకపోతే వెతకకండి. చచ్చిన పురుగును తీయడానికి మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చు. చెవి కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉందని ముందే తెలిసినా, చెవిలో గొట్టం వేయించి ఉన్నా నూనె కూడా వేయకూడదు. ఉప్పునీళ్లు, వెల్లుల్లి రసం, సారా ఎవరికీ వద్దు. గీరుకున్న చర్మానికి అవి నిప్పు పెట్టినట్టు ఉంటాయి.

ఇప్పటిదాకా నేను చెప్పినవాటికి సాధారణంగా కొంత వ్యవధి ఉంటుంది. ఒక్క వస్తువుకు మాత్రం లేదు. అదే బొత్తాము బ్యాటరీ. బొమ్మల్లో, చిన్న రిమోట్లలో, గడియారాల్లో ఉండే వెండిరంగు బిళ్ల అది. తడిగా ఉన్న పొరకు ఆనుకోగానే దాని నుంచి కరెంటు పారి, ఆ చోట ఘాటైన క్షారం పుడుతుంది. అది కొన్ని గంటల్లోనే కండను కాలుస్తుంది. ముక్కు మధ్యగోడకు చిల్లు పడితే అది జీవితాంతం మిగిలిపోవచ్చు. బొమ్మ ఆడటం మానేసింది కదా, బ్యాటరీ అయిపోయిందనుకోకండి. బొమ్మను నడపలేని బ్యాటరీ కూడా కండను కాల్చగలదు. బ్యాటరీ అని అనుమానం వచ్చినా, ముక్కులోంచి నల్లటి నీరు కారినా చుక్కల మందు గానీ నూనె గానీ వేయకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. రెండు అయస్కాంత బిళ్లలు మధ్యగోడకు చెరోవైపు అంటుకున్నా ఇంతే తొందర.

పిల్లలు అన్నిసార్లూ చెప్పరు. భయపడి దాచేస్తారు, లేదా మరిచిపోతారు. పడిశం పడితే రెండు ముక్కులూ కారతాయి. ఒక్క ముక్కు నుంచే చిక్కటి, దుర్వాసన వేసే చీమిడి రోజుల తరబడి కారుతుంటే అందులో ఏదో ఉందని అనుకోవాల్సిందే. స్పాంజి ముక్కో, కాగితపు ఉండో వారాల తర్వాత బయటపడ్డ పిల్లలకు అప్పటికే జలుబు మందులు ఎన్నో వాడి ఉంటారు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు రెండు పనులు చేయండి. అలాంటి పూసే మరొకటి ఉంటే చేతిలో పట్టుకు రండి, దాని పరిమాణం చూస్తే ఏ పరికరం వాడాలో తెలుస్తుంది. దారిలో బిడ్డను ఊరుకోబెట్టడానికి బిస్కెట్లు, పాలు ఇవ్వకండి, మత్తు అవసరం పడవచ్చు. దగ్గు ఆగకపోయినా, ఊపిరిలో పిల్లికూతలు వినిపించినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

పచ్చపూస పెట్టుకున్న పాప మూడోరోజు చూపించుకోవడానికి వచ్చింది. ముక్కు మానింది. కానీ నా చేతిలో లైటు చూడగానే అమ్మ కొంగులో దాక్కుంది. ఆ భయం పెట్టింది పూస కాదు. మొదటి ప్రయత్నంలో బిడ్డ మనల్ని నమ్మి కూర్చుంటుంది. ఆ ఒక్క అవకాశాన్నీ పిన్నుతో పోగొట్టకండి, చెయ్యి పెట్టకుండా మా దగ్గరికి తీసుకురండి.