వ్యాసం నుంచి ప్రసంగానికి: 15 నిమిషాలలో ఆయక స్తంభాలు

సదస్సులో పత్రసమర్పణకు సాధారణంగా 15 నిమిషాలు లభిస్తాయి. చిత్రాలకూ విరామాలకూ 2 నిమిషాలు మినహాయిస్తే, నిమిషానికి 85 మాటల చొప్పున నిదానంగా పలికే వక్త దాదాపు 1,100 మాటలే చెప్పగలరు. 6,000 మాటల వ్యాసం అందులో ఇమడదు. ప్రసంగపాఠాన్ని వేరుగా రాసుకోవలసిందే. నాగార్జునకొండ మహాచైత్యపు ఆయక స్తంభాలపై వ్యాసాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

వ్యాసంలో ఇలాంటి వాక్యం ఉంటుంది: ‘మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఉన్న వేదికలపై ఐదేసి చొప్పున నిలిపిన, ఏ కప్పునూ మోయని స్తంభాలలో పలు స్తంభాలపై వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఆయన మేనత్త చాంతిసిరి చేసిన దానాన్ని తెలిపే శాసనాలు కనిపిస్తాయి.’ తెలుగులో క్రియ చివర వస్తుంది. పాఠకుడు వెనక్కు వెళ్లి మళ్లీ చదువుకోగలడు. శ్రోత మాత్రం క్రియ వచ్చేవరకు విశేషణాలన్నీ మనసులో మోయాలి. అందుచేత ఆ వాక్యాన్ని విడదీయాలి: ‘మహాచైత్యానికి నాలుగు దిక్కులా నాలుగు వేదికలు. ఒక్కొక్క దానిపై ఐదు స్తంభాలు. మొత్తం ఇరవై. వీటిలో ఏ ఒక్కటీ కప్పును మోయదు. మరి ఎందుకు నిలిపారు?’ చాంతిసిరి ప్రస్తావన తరువాతి భాగానికి వెళుతుంది.

ఆ ప్రశ్నే ప్రసంగానికి దారి. ప్రశ్నకు 1 నిమిషం, నిర్మాణానికి 3, శాసనానికి 5, వ్యాఖ్యానానికి 3, ముగింపునకు 1 కేటాయించవచ్చు. వ్యాసంలో ఉపశీర్షిక చేసే పనిని ఇక్కడ ఒక వాక్యం చేయాలి: ‘ఇంతవరకు స్తంభాల అమరిక చూశాం. ఇక వాటిపై ఏమి రాశారో చూద్దాం.’ కొలతల పట్టికలను, పూర్వ పరిశోధనల సమీక్షను శ్రోతలకు పంచే పత్రంలో ఉంచవచ్చు.

అసలు చిక్కు ముగింపు వాక్యంలో ఉంది. ‘ఐదు స్తంభాలు బుద్ధుని జీవితంలోని ఐదు ఘట్టాలు’ అన్న మాట చక్కగా గుర్తుంటుంది. జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అన్న ఈ అన్వయం పండితుల వ్యాఖ్యానం. చాంతిసిరి శాసనం ఆ ఘట్టాలను పేర్కొనదు. ఉభయకులాల హితసుఖాల కోసం, తన నిర్వాణసంపద కోసం స్తంభాన్ని నిలిపినట్లు చెబుతుంది. వ్యాసంలో ‘అని భావిస్తారు’ అన్న రెండు మాటలు ఈ తేడాను కాపాడతాయి. కుదింపులో మొదట రాలిపోయేవి అవే. అప్పుడు ఊహ వాస్తవంగా సభ దాటి వెళుతుంది.

కాబట్టి శ్రోత ఇంటికి తీసుకుపోయే వాక్యం శాసనానికి నిలబడేదై ఉండాలి: ‘ఆయక స్తంభం కప్పును మోయదు, దాత ఆకాంక్షను మోస్తుంది.’ దీన్ని శాసనభాగం చివర ఒకసారి, ముగింపులో మరొకసారి అవే మాటలతో పలకాలి. ఐదు ఘట్టాల అన్వయాన్ని వ్యాఖ్యానభాగంలో వ్యాఖ్యానంగానే పరిచయం చేయాలి.

చివరగా, పాఠాన్ని గడియారం ముందు బిగ్గరగా చదవాలి. ఊపిరి అందని చోట వాక్యాన్ని విరవాలి. తరువాత, విషయం తెలియని ఒకరికి వినిపించి, ఏమి గుర్తుందో అడగాలి. వారు ఐదు ఘట్టాలనే చెబితే, వ్యాఖ్యానభాగాన్ని మళ్లీ రాయాలి.