కాళ్ల మీద పడ్డ పిల్లికి ఛాతీలో దెబ్బ

1894లో ఎటియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్‌లోని సైన్స్ అకాడమీ ముందు ఒక పిల్లి ఫొటోలు పెట్టారు. పిల్లిని వెల్లకిలా తిప్పి, నాలుగు కాళ్లూ పట్టుకుని ఎత్తి, ఒక్కసారిగా వదిలేశారు. అది నేలకు చేరేలోపు ఏం చేసిందో ఆ ఫొటోల్లో వరసగా కనిపిస్తుంది. వీపు కిందికి పెట్టుకుని బయల్దేరిన పిల్లి సగం దారిలోనే తిరిగిపోయి, కాళ్లు చాచి దిగింది. అది చూసిన పండితుల్లో కొందరికి నమ్మకం కుదరలేదు. దేన్నీ ఆనుకోకుండా, దేన్నీ తన్నకుండా గాల్లో ఉన్న ఒళ్లు తనంతట తాను ఎలా తిరుగుతుంది? వదిలేటప్పుడు ఆ చేతుల్నే తన్ని తిరిగి ఉంటుందని అనుమానించారు. కానీ ఫొటోలు వేరే మాట చెప్పాయి. చేతులు వదిలిన తొలి క్షణాల్లో పిల్లి ఒళ్లు ఏ పక్కకూ తిరగడం లేదు. తిరగడం మొదలైంది పూర్తిగా గాల్లోకి వచ్చాకే.

కిటుకంతా నడుములో ఉంది. పిల్లి తన ఒంటిని ఒకే ముక్కగా తిప్పదు. నడుము దగ్గర వంగి ముందు సగాన్ని, వెనక సగాన్ని వేర్వేరుగా వాడుకుంటుంది. ముందుగా ముందు కాళ్లను ఛాతీకి దగ్గరగా ముడుచుకుని, వెనక కాళ్లను బారుగా చాపుతుంది. తిరిగే కుర్చీలో కూర్చుని చేతులు చాపితే నెమ్మదిగా, ముడుచుకుంటే వేగంగా తిరుగుతాం కదా, ఇక్కడ జరిగేదీ అదే. ముడుచుకున్న ముందు సగం సులువుగా, చాలా దూరం తిరుగుతుంది. చాపుకున్న వెనక సగం దానికి ఎదురు దిశలో కొంచెమే తిరుగుతుంది. వెంటనే పిల్లి పద్ధతి మార్చి, ముందు కాళ్లు చాపి వెనక కాళ్లు ముడుచుకుంటుంది. ఈసారి వెనక సగం గిర్రున తిరిగి ముందు సగంతో కలుస్తుంది. మొత్తం కూడితే ఒంటికి బయటి నుంచి ఏ తోపూ అందలేదు, అయినా పిల్లి బోర్లా తిరిగింది. భౌతికశాస్త్ర నియమం ఎక్కడా తప్పలేదు. ఈ కదలికకు కేన్, షెర్ అనే ఇద్దరు 1969లో పూర్తి గణితం రాశారు. అప్పటికి మారే ఫొటోలకు 75 ఏళ్లు.

ఏది పైన, ఏది కింద అన్న సంగతి పిల్లికి చెప్పేది చెవి లోపల ఉండే సమతౌల్య అవయవం. అందులోంచి కబురు అందగానే ముందు తల నేల వైపు తిరుగుతుంది, తలను మెడ, మెడను భుజాలు అనుసరిస్తాయి. పిల్లి వెన్నుపూసల మధ్య సడలింపు ఎక్కువ. మనకు భుజాన్ని ఛాతీకి బిగించి ఉంచే జత్రుక ఎముక, పిల్లిలో చిన్న తునకలా కండరంలో వేలాడుతూ ఉంటుంది. అందుకే ఆ మెలిక దానికి సాధ్యం. తోకతోనే తిరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, తోక లేకుండా పుట్టే జాతుల పిల్లులూ ఇలాగే తిరగగలవు. పిల్లి కూనల్లో ఈ నేర్పు మూడు, నాలుగు వారాల వయసులో మొదలై, ఏడో వారానికల్లా కుదురుకుంటుంది. తిరగడం మొత్తం సెకనులో మూడో వంతు సమయంలో అయిపోతుందనుకుంటే, ఆలోపు పిల్లి కిందికి జారేది రెండడుగుల లోపు దూరమే.

ఇంతవరకూ పిల్లి గొప్పదనమే. కానీ ఆ నేర్పు చేసేది ఒకే ఒక్క పని: ఏ వైపు నేలకు తగలాలో నిర్ణయించడం. ఎంత వేగంతో తగలాలో నిర్ణయించేది ఎత్తు. పెంపుడు పిల్లుల మీద ప్రేమ ఉన్నవాళ్లు సైతం ఈ రెంటినీ ఒకటిగా చూస్తారు. ‘అది పిల్లి కదా, ఏం కాదులే’ అంటూ బాల్కనీ తలుపు తీసి ఉంచుతారు.

చిన్న లెక్క చూద్దాం. ఒకటిన్నర మీటరు ఎత్తున్న గోడ మీంచి దూకిన పిల్లి కాళ్లు, నడుము వంచి ఆ దెబ్బను మింగేస్తుంది. అలా వంగి కుదించుకోగల దూరం మహా అయితే అడుగు. ఆ అడుగులో ఆగడానికి కాళ్ల మీద తన బరువుకు ఐదారు రెట్ల భారం పడుతుంది. రోజూ చేసే పనే కాబట్టి అలవాటే. అదే పిల్లి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి, అంటే దాదాపు 12 మీటర్ల ఎత్తు నుంచి జారిందనుకోండి. కిందికి చేరడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే చేరేసరికి వేగం గంటకు 55 కిలోమీటర్లు. కాళ్లు వంచడానికి ఉన్న చోటు మాత్రం ఆ అడుగే. ఇప్పుడు పడే భారం తన బరువుకు దాదాపు 40 రెట్లు. నాలుగు కిలోల పిల్లి మీద 160 కిలోలు ఒక్కసారిగా పడ్డట్టు.

కాళ్లు అంత భారాన్ని ఆపలేవు. అవి వంగిపోతాయి లేదా విరిగిపోతాయి, వాటి వెనకే ఛాతీ వచ్చి నేలకు కొట్టుకుంటుంది, ఆ ఊపులో తల ముందుకు వంగి గడ్డం నేలను తాకుతుంది. పశువైద్యులు ఇలా పడిన పిల్లుల్లో ముఖం, ఛాతీ, కాళ్లు అనే మూడు చోట్ల గాయాల్ని కలిపి చూస్తారు. కింది దవడ ముందువైపు సరిగ్గా మధ్యలో రెండుగా చీలుతుంది. అంగిలి పొడవునా పగులుతుంది. పన్ను విరుగుతుంది. కాళ్ల మీద పడిందనడానికి ఇవే ఆనవాళ్లు. ఛాతీ లోపలి సంగతి మాత్రం బయటికి కనిపించదు. ఊపిరితిత్తి నలిగి ఎక్కడో చిన్న చీలిక వస్తుంది. అందులోంచి కారిన గాలి ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య చేరుతుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఇంకాస్త చేరుతూ పోతుంది. బయటినుంచి నొక్కుతున్న ఆ గాలి వల్ల ఊపిరితిత్తి విచ్చుకోలేదు. వైద్యులు దీన్నే న్యూమోథొరాక్స్ అంటారు.

ఈ విషయంలో బాగా ప్రచారంలో ఉన్న అధ్యయనం న్యూయార్క్‌లోని ఆనిమల్ మెడికల్ సెంటర్‌ది. విట్నీ, మెహల్‌హాఫ్ అనే ఇద్దరు పశువైద్యులు 1987లో దాన్ని ప్రచురించారు. అయిదు నెలల కాలంలో ఎత్తైన భవనాల నుంచి పడి ఆ ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల వివరాలు అందులో ఉన్నాయి. సగటున ఐదున్నర అంతస్తుల ఎత్తు. చికిత్స అందిన వాటిలో 90 శాతం బతికాయి. అసలు ఆశ్చర్యం ఆ తర్వాత ఉంది. ఏడో అంతస్తు దాకా ఎత్తు పెరిగేకొద్దీ గాయాలు పెరిగాయి, ఆ పైనుంచి పడిన వాటిలో తగ్గాయి. ఏడు అంతస్తులకు మించి పడిన 22 పిల్లుల్లో చనిపోయింది ఒక్కటే. దీనికి వాళ్లు ఒక వివరణ సూచించారు. పిల్లి చిన్నది, తేలికైనది కాబట్టి గాలి నిరోధం వల్ల దాని వేగం గంటకు సుమారు 97 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. వేగం పెరగడం ఆగాక పిల్లి బిగువు సడలించి, కాళ్లు పక్కలకు చాచి, దెబ్బను ఒళ్లంతా పంచుకుంటుంది.

వివరణ ముచ్చటగా ఉంది. అందుకే ‘ఎంత ఎత్తు నుంచి పడితే అంత మంచిది’ అన్న మాటగా మారి ఇప్పటికీ తిరుగుతోంది. కానీ లెక్కలోకి ఎవరు వచ్చారో చూడండి. ఆసుపత్రికి తెచ్చిన పిల్లుల్నే లెక్కించారు. ఇరవయ్యో అంతస్తు నుంచి పడి అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. దాన్ని పూడ్చిపెడతారు. అంటే పై అంతస్తుల లెక్కలో బతికే అవకాశం ఉన్నవే ఎక్కువగా మిగులుతాయి. ఆ అధ్యయనంలో 32 అంతస్తులు పడిన పిల్లి ఒకటి ఉంది. విరిగిన పన్నుతో, స్వల్పంగా దెబ్బతిన్న ఊపిరితిత్తితో బయటపడింది. అందరూ దాని అదృష్టాన్ని చెప్పుకుంటారు, ఊపిరితిత్తి సంగతి వదిలేస్తారు. ఆ పిల్లికీ ఛాతీలో గాలి చేరింది.

2004లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నుంచి 119 పిల్లుల మీద మరో అధ్యయనం వచ్చింది. అందులో ఏడో అంతస్తు, ఆ పై నుంచి పడిన పిల్లులకు గాయాలు మరింత తీవ్రంగా ఉన్నాయి, ఛాతీ దెబ్బలు మరింత ఎక్కువగా ఉన్నాయి. పడిన వాటిలో సగానికి పైగా ఏడాది లోపు వయసువే. నా దృష్టిలో ఈ రెండు అధ్యయనాల నుంచీ ఇంటివాళ్లు పట్టుకోవాల్సింది బతికిన శాతం కాదు. బతికిన వాటిలో ఎన్నింటికి ఆక్సిజన్, ఆపరేషన్ కావలసి వచ్చిందన్నది. న్యూయార్క్ పిల్లుల్లో మూడో వంతుకు పైగా ప్రాణాపాయ చికిత్సతోనే నిలబడ్డాయి.

పడిన పిల్లి లేచి నడిచిందని, పరుగెత్తి కారు కింద దూరిందని ఊరట పడకూడదు. భయంలో, షాక్‌లో పిల్లి దాక్కుంటుంది, నొప్పి చూపించదు. ఊపిరితిత్తి నలుగుడు గంటల తర్వాత ముదురుతుంది. చూడాల్సింది శ్వాసను. విశ్రాంతిగా ఉన్న పిల్లి నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. ఛాతీ లేచి దిగితే ఒకటి. అది 40 దాటినా, పొట్ట ఎగరేస్తూ ఊపిరి లాగుతున్నా, కుక్కలా నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా ఒక్క నిమిషం ఆగకూడదు. పాలు తాగితే ముక్కులోంచి వస్తున్నాయంటే అంగిలి పగిలిందని అర్థం. నాలుగు మెతుకులు, నీళ్లు పెట్టి చూద్దామన్న ఆలోచన వద్దు, మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఛాతీ నొక్కకుండా, చంకలో బిగించి పట్టుకోకుండా, తువ్వాలు పరిచిన అట్టపెట్టెలో పడుకోబెట్టి తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ల సగం కూడా వేయొద్దు. మనకు జ్వరం తగ్గించే ఆ మందు పిల్లి ఒంట్లో విషమవుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. డాక్టర్ దగ్గర ముందు ఆక్సిజన్ పెడతారు, అవసరమైతే పక్కటెముకల మధ్య సూది దించి చేరిన గాలిని లాగేస్తారు. ఊపిరి నిలకడగా ఉన్నాకే ఎక్స్‌రే, కాలు ఎముక సంగతి. విరిగిన కాలు ఒక రోజు ఆగగలదు.

అసలు పిల్లి ఎందుకు పడుతుంది? దానికి ఎత్తు తెలియక కాదు. పిట్టగోడ మీద కూర్చున్న పిల్లి కళ్ల ముందు పావురం వాలితే, చూపు ఆ పావురానికే కట్టుబడిపోతుంది. గోళ్లు చెట్టు బెరడులోకి దిగుతాయి గానీ, గ్రానైట్ పలకలోకీ స్టీలు గొట్టంలోకీ దిగవు. కాలు జారాక పట్టు దొరకదు. టపాసుల మోతకు ఉలిక్కిపడి దూకేవీ, రెయిలింగ్ మీద నిద్రపోయి పక్కకు ఒత్తిగిలేవీ ఉన్నాయి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలా బాల్కనీలకు ఇప్పటికే పావురాల నెట్ కట్టి ఉంటుంది. అది పిల్లికీ పనికొస్తుంది, కానీ అంచుల్ని చూసి నమ్మాలి. నెట్‌ను గోడకు పట్టుకుని ఉండే కొక్కేలు ఒక్కొక్కటి వేలితో లాగి చూడండి, సిమెంటు పొడి రాలితే ఆ కొక్కెం పిల్లి బరువు ఆపదు. కింది మూల, ఏసీ పైపు లోపలికి వచ్చే చోట కోసిన రంధ్రం, బట్టల తీగ కోసం వదిలిన సందు ముఖ్యం. తల దూరితే ఒళ్లంతా దూరుతుంది. నైలాన్ నెట్‌ను పిల్లి కొరికి, గోళ్లతో లాగి తెంపగలదు, కాబట్టి ఎండకు పెళుసెక్కిందేమో ఏటా ఒకసారి చూడాలి. ఇన్విజిబుల్ గ్రిల్ పేరుతో బిగించే తీగల మధ్య రెండు అంగుళాల పైన ఖాళీ ఉంటే పిల్లి కూన ఇట్టే జారుతుంది, దాని లోపలివైపు నెట్ కూడా వేయించాలి. వెల్క్రోతోనో అయస్కాంతంతోనో నిలబడే దోమల మెష్‌ను అడ్డుగా లెక్క పెట్టొద్దు. ఆనుకుని కూర్చున్న పిల్లి బరువుకే ఊడి, పిల్లితోపాటే కిందికి పోతుంది.