నెలవారీ లేఖలో మొదటి పలకరింపు

అపార్టుమెంటు సంఘం నెలనెలా పంపే లేఖలో పలకరింపు రెండు మూడు వాక్యాలకు మించదు. ఆ కాస్తలోనే ఎవరిని పలకరిస్తున్నారో, ఈ నెల ఏం తెలుసుకోవాలో చదివేవారికి అందాలి. ఒకప్పుడు తెలుగు ఉత్తరం ‘ఉభయకుశలోపరి’ అని మొదలై, క్షేమసమాచారాలు అయ్యాక అసలు విషయానికి వచ్చేది. ఊరి నుంచి ఎప్పుడో గానీ రాని ఉత్తరానికి ఆ తీరు సరిపోయింది. రోజూ లిఫ్టులో ఎదురుపడే ఇరుగుపొరుగుకు రాసే లేఖలో, ఆ మర్యాదకు ఒక్క ‘నమస్కారం’ చాలు.

అన్నిటికన్నా ముందు సంబోధన. చాలా సంఘాలు అలవాటుగా ‘ప్రియమైన సభ్యులారా’ అని మొదలుపెడతాయి. సాధారణంగా సంఘంలో సభ్యత్వం ఫ్లాటు యజమానిది. అద్దెకున్నవాళ్లు నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నా సభ్యుల లెక్కలోకి రారు. దాంతో నీళ్ల వేళలు, చెత్తబండి వచ్చే సమయం, పార్కింగ్ మార్పులు ఎవరికి ముందు తెలియాలో వాళ్లే, ఇది తమ కోసం కాదనుకుని లేఖను పక్కన పెట్టేస్తారు. ‘మన అపార్టుమెంటులో ఉంటున్న అందరికీ నమస్కారం’ అంటే ఆ చిక్కు ఉండదు. సర్వసభ్య సమావేశానికి పిలిచే నోటీసు వేరే సంగతి. ఓటు ఉన్నవాళ్లకే పంపే కాగితం కాబట్టి అక్కడ ‘సభ్యులకు’ అనడమే సరైనది.

నమస్కారం తరువాతి వాక్యమే కీలకం. హైదరాబాదులో నలభై ఫ్లాట్ల భవనం మే నెల లేఖ రాస్తోందనుకుందాం. చేతికి తేలిగ్గా వచ్చే మొదటి ప్రతి ఇలా ఉంటుంది: ‘మీరందరూ ఆయురారోగ్యాలతో ఉన్నారని తలుస్తున్నాం. ఎండలు మండిపోతున్నాయి. నీటిని పొదుపుగా వాడుకోవలసిందిగా మనవి.’ ఇందులో తప్పేమీ లేదు, కానీ కొత్తగా తెలిసిందీ ఏమీ లేదు. పోయిన ఏడాది మే లేఖకూ ఇవే మాటలు అతికినట్టు సరిపోతాయి. పలకరింపులో పస ఉందో లేదో తేల్చడానికి అదే గుర్తు. అదే లేఖను ఇలా మొదలుపెట్టవచ్చు: ‘అందరికీ నమస్కారం. బోరులో నీళ్లు తగ్గి రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. ఈ నెలంతా ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 8 దాకా మాత్రమే నీళ్లు వదులుతాం.’ పొదుపు అన్న మాట లేకపోయినా చదివినవాళ్లు రాత్రికే బకెట్లు నింపుకుంటారు. లేఖ వాట్సాప్ గ్రూపులో వెళ్లేటప్పుడు ఈ వాక్యం విలువ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఫోన్ తెరవకుండా పైకి కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే.

వీధి చివర కిరాణా కొట్టుకూ ఇదే పద్ధతి. నెల సరుకుల చీటీతో పాటు ఇచ్చే కాగితంలో ‘మా ఖాతాదారులకు శుభాభినందనలు’ కంటే, ‘ఆవకాయకు కొత్త కారం, ఆవపిండి, నువ్వుల నూనె వచ్చాయి’ అన్న వరుస కొనేవారికి నచ్చే పలకరింపు.

పండుగ శుభాకాంక్షల్లో పొరపాట్లు తేదీల దగ్గర జరుగుతాయి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ 31న వచ్చాయి. మార్చి ఒకటిన వచ్చే లేఖలో శుభాకాంక్షలు మరీ తొందర, ఏప్రిల్ ఒకటిన చెబితే పండుగలు దాటిపోయాయి. అలాంటి నెలలో లేఖను నాలుగు రోజులు ముందుకు జరిపి, రెండు పండుగలనూ ఒకే వాక్యంలో, పక్కపక్కన చెప్పడం మంచిది. ఒకదానికి నాలుగు వరుసలు రాసి రెండోదాన్ని చివర ‘అలాగే’ అని తగిలిస్తే, ఆ ఇంటివాళ్లు తప్పకుండా గమనిస్తారు.

బాకీల ప్రస్తావన పలకరింపులోకి రాకూడదు. ‘సకాలంలో మెయింటెనెన్స్ చెల్లించినవారికి ధన్యవాదాలు’ అనేది పైకి మర్యాదే అయినా, కట్టనివాళ్లను పదిమందిలో నిలబెట్టడమే. డబ్బు లెక్కలకు లోపలి పేజీలో చోటుంది, బాకీ ఉన్నవారికి విడిగా కబురు పంపవచ్చు.

భవనంలో ఎవరైనా కాలం చేసిన నెలలో మొదటి వాక్యం వారి గురించే ఉండాలి. ఆ ఇంటివారిని అడిగి, వారు సరేనంటేనే పేరు, ఫ్లాటు నంబరు వేయాలి. విశేషణాలు పేర్చనక్కర్లేదు. ‘మన మూడో అంతస్తులో పన్నెండేళ్లుగా ఉంటున్న మాస్టారు గారు ఈ నెల 9న కన్నుమూశారు. వారి కుటుంబానికి మనందరి సానుభూతి’ అంటే చాలు. పండుగ శుభాకాంక్షలు, పుట్టినరోజుల జాబితా ఆ నెలకు చివరి పేజీకి వెళ్లాలి.