ఉద్యోగం వచ్చాక కూడా ఆగని ఫోన్లు

మా బంధువుల అబ్బాయి ఒకడు జావా డెవలపర్‌గా మాదాపూర్‌లో కొత్త కంపెనీలో చేరాడు. చేరిన రోజు మీటింగులో కూర్చున్నా ఫోను మోగడం ఆగలేదు. "హలో సర్, కన్సల్టెన్సీ నుంచి మాట్లాడుతున్నా, జాబ్ చేంజ్ కోసం చూస్తున్నారా?" అనేదే ప్రతి ఫోనులోనూ మొదటి మాట. విసుగొచ్చి ఫోన్లోంచి జాబ్ పోర్టల్ యాప్ తీసేశాడు. ఫోన్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి.

రాకుండా ఎలా ఉంటాయి? యాప్ అనేది ఆ సైటులోకి వెళ్లడానికి మనకున్న తలుపు మాత్రమే. మన వివరాలు ఉన్నది అవతలి వాళ్ల సర్వర్‌లో. నౌక్రీనే తీసుకోండి. 1997లో మొదలైన ఈ సైటులో మనలాంటివాళ్లు ఊరికే పేరు నమోదు చేసుకోవచ్చు. కంపెనీలూ కన్సల్టెన్సీలూ మాత్రం డబ్బు కట్టి 'రెస్‌డెక్స్' అనే రెజ్యూమెల భాండాగారంలో వెతుక్కుంటాయి. అక్కడ రిక్రూటర్ "జావా, హైదరాబాద్, మూడు నుంచి ఐదేళ్ల అనుభవం" అని కొట్టి, నోటీసు పీరియడ్ ఎంతో ఎంచుకుని, ఈ మధ్య ఎవరు యాక్టివ్‌గా ఉన్నారో కూడా జల్లెడ పడతాడు. వచ్చిన జాబితాలోని నంబర్లకు వరసగా ఫోన్లు కొట్టుకుంటూ పోతాడు. మీకు ఉద్యోగం వచ్చిన సంగతి ఆ జాబితాకు తెలియదు. పైగా మనవాడి ప్రొఫైల్లో "నోటీసు పీరియడ్‌లో ఉన్నాను" అన్న గుర్తు అలాగే ఉండిపోయింది. త్వరగా చేరగల మనిషి కోసం వెతికేవాళ్లకు అంతకంటే కావలసిందేముంది!

తర్వాత వాడు చేసిన పనితో పరిస్థితి ఇంకా ముదిరింది. సైటులోకి లాగిన్ అయ్యి నోటీసు పీరియడ్ మార్చాడు, కొత్త కంపెనీ పేరు చేర్చాడు, హెడ్‌లైన్ కూడా సరిదిద్దాడు. రెండు రోజుల పాటు ఫోన్లు ఇంకా పెరిగాయి. ప్రొఫైల్‌ను ముట్టుకుంటే చాలు, అది తాజాది అయిపోతుంది. తాజా ప్రొఫైళ్లనే ముందు చూడాలనుకునే రిక్రూటర్ల జాబితాలో పైకి ఎక్కేస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

కాబట్టి పనులు వరసగా జరగాలి. లాగిన్ అయిన వెంటనే, ఇంకేదీ మార్చకముందే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిక్రూటర్లకు ప్రొఫైల్ కనబడకుండా చేసే మీట నొక్కాలి. మీట పేరు సైటును బట్టి మారుతుంది గానీ 'విజిబిలిటీ', 'ప్రైవసీ' అన్న మాటల దగ్గర వెతికితే దొరుకుతుంది. తర్వాత మీ రెజ్యూమె ఫైలును, ఎక్కడెక్కడ అప్లై చేశారో ఆ జాబితాను మీ కంప్యూటర్‌లో దాచుకోండి. మళ్లీ ఉద్యోగం వెతికినప్పుడు పనికొస్తాయి. అప్పుడు రెజ్యూమె ఫైలు తీసేయండి. అంతటితో పని అయిపోయిందనుకోవద్దు. రెజ్యూమె అప్‌లోడ్ చేసిన రోజే సైటు దాన్ని చదివి పేరు, నంబరు, స్కిల్స్, అనుభవం వేరే గళ్లలో నింపేసుకుంది. ఫైలు పోయినా ఆ గళ్లు ఉంటాయి, ఆ నంబరుకే ఫోన్లు వస్తాయి. చివరి మెట్టు 'డిలీట్ అకౌంట్'. అక్కడ కారణం అడుగుతారు, ఓటీపీయో పాస్‌వర్డో అడుగుతారు. పక్కనే 'డీయాక్టివేట్' అని మెత్తగా పిలిచే ఇంకో దారి కనబడవచ్చు. అది తాత్కాలికంగా దాచడమే, తీసేయడం కాదు.

ఇదంతా ఆఫర్ లెటర్ చేతికి రాగానే చేయకండి. చేరే తేదీ వాయిదా పడినవాళ్లనూ, ఆఫరే వెనక్కి పోయినవాళ్లనూ చూశాం. చేరి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కూడా ముగిశాక తీసేయడం నయం. ఆలోగా ప్రొఫైల్‌ను దాచి ఉంచితే చాలు. అలాగని మరీ ఆలస్యం చేయడమూ మంచిది కాదు. మీ కొత్త కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు కూడా అదే భాండాగారంలో వెతుకుతుంటారు. చేరిన మూడో నెలలో మీ ప్రొఫైల్ తాజాగా వాళ్ల కంటబడితే ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

ఒక్క సైటుతో అయిపోతుందా? మీరు ఎన్నిచోట్ల నమోదయ్యారో మీ ఈమెయిలే చెబుతుంది. ఇన్‌బాక్స్‌లో 'జాబ్ అలర్ట్', 'రెజ్యూమె', 'వెరిఫై' అని వెతికితే మరిచిపోయిన సైట్లు బయటపడతాయి. క్యాంపస్ రోజుల్లో కాలేజీ మెయిల్‌తో తెరిచిన అకౌంట్లు చాలామందికి ఉంటాయి. ఆ మెయిల్ మూతబడితే మొబైల్ ఓటీపీతో ప్రయత్నించండి, అదీ కుదరకపోతే సైటు సహాయ విభాగానికి రాయండి. లింక్డ్‌ఇన్‌లో అకౌంటు మొత్తం తీసేయనక్కర్లేదు. 'ఓపెన్ టు వర్క్' ఆపేయాలి. సెట్టింగ్స్‌లో ఉద్యోగ దరఖాస్తుల విభాగానికి వెళ్లి, అప్లై చేసినప్పుడల్లా దాచుకున్న పాత రెజ్యూమెలను కూడా తుడిచేయాలి. ఈ రెండో పని సంగతి చాలామందికి తట్టదు.

ఇంత చేసినా మనవాడికి ఫోన్లు పూర్తిగా ఆగలేదు, బాగా తగ్గాయి. మిగిలినవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక చిన్న కిటుకుతో తేలింది. ఫోన్ చేసినామె "మీకు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కదండీ" అంది. వాడికి అప్పటికి ఐదేళ్లు నిండాయి. అంటే ఆమె చేతిలో ఉన్నది రెండేళ్ల కిందట ఎవరో దించుకుని ఎక్సెల్ షీట్లో పెట్టుకున్న నకలు. పాత జీతం, పాత కంపెనీ పేరు చెప్పి మాట్లాడితే నకలు పాతదని లెక్క. మీరు కొత్తగా చేర్చిన వివరాలు చెబితే మాత్రం ఎక్కడో ఒక అకౌంటు ఇంకా బతికే ఉంది, వెతికి పట్టుకోవాలి.

పోర్టల్‌లో ఎంత తుడిచినా ఆ పాత నకళ్లు చెరగవు. మీరు నేరుగా అప్లై చేసిన కంపెనీల దగ్గరున్న దరఖాస్తులూ అంతే. నంబరు బ్లాక్ చేస్తే అదే కన్సల్టెన్సీ నుంచి రేపు ఇంకో నంబరు మోగుతుంది. అందుకే మనవాడు ఫోన్ పెట్టేయడం మానేసి రెండు ముక్కలు మాట్లాడటం మొదలుపెట్టాడు: "నా వివరాలు మీకు ఎక్కడ దొరికాయండీ? నేను ఉద్యోగంలో చేరిపోయాను, మీ లిస్టులోంచి తీసేయండి." తర్వాత అదే మాట ఆ కన్సల్టెన్సీకి మెయిల్‌లో కూడా రాసేవాడు. పెద్ద కన్సల్టెన్సీలు ఇలా రాస్తే చాలావరకు తీసేస్తాయి. గదిలో ఇద్దరు కూర్చుని నడిపేవాళ్ల మీద ఆశ పెట్టుకోకండి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కునూ, వివరాలు తుడిచేయమని అడిగే హక్కునూ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకిచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే కంపెనీల మీద పెట్టిన ప్రధాన బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు తీరేదాకా మెయిల్ రాసి మర్యాదగా అడగడమే మార్గం.

ఇంకో మాట. మన వైపు రెజ్యూమెల్లో చివర 'పర్సనల్ డీటెయిల్స్' అని తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా చిరునామా రాయడం ఆనవాయితీ. ఎక్సెల్ షీట్లలో తిరిగే నకళ్లలో ఇవీ ఉంటాయి. "మీకు ఉద్యోగం ఖాయమైంది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని మోసం చేసేవాడు మన తండ్రి పేరు చెప్పి నమ్మించేది వీటితోనే. ఉద్యోగం ఇవ్వడానికి మొదటి వడపోతలో ఈ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. వచ్చేసారి రెజ్యూమె అప్‌లోడ్ చేసేముందు ఆ భాగం మొత్తం కొట్టేయండి, చిరునామా చోట ఊరి పేరు ఉంచితే చాలు.