చదరపు అడుగుకు 2,000 అంటే ఇల్లు ఎంతవుతుంది?

హనుమకొండ శివార్లలో మా బావగారికి 200 గజాల స్థలం ఉంది. ఇల్లు కట్టడానికి కాంట్రాక్టరును పిలిస్తే, "సామానుతో సహా అడుగుకు 2,000 సార్" అన్నాడు. ప్లానులో ఇల్లు 25 అడుగులు ఇంటూ 40, అంటే 1,000 చదరపు అడుగులు. 20 లక్షల్లో అయిపోతుందని బావగారు లెక్క వేసుకుని, అప్పూ సొంత డబ్బూ అంతవరకే సర్దుకున్నారు. గృహప్రవేశం నాటికి 32 లక్షలైంది. కాంట్రాక్టరు మాత్రం తన రేటును ఒక్క రూపాయి కూడా పెంచలేదు.

ఆ 12 లక్షలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలని బావగారి నోటు పుస్తకం తీసుకుని ఒకరోజంతా కూర్చున్నాను. మొదటి 4 లక్షలు టేపు దగ్గరే పోయాయి. బావగారు గోడల బయటి అంచు నుంచి కొలిచి 1,000 అడుగులు అనుకున్నారు. కాంట్రాక్టరు మేడ మీద టేపు పట్టాడు. ముందు పోర్టికో స్లాబు 120 అడుగులు, మెట్ల గది పైకప్పు 80 అడుగులు అందులో కలిశాయి. "మాది స్లాబు కొలత సార్, ఎక్కడైనా ఇంతే" అన్నాడు. 1,200 ఇంటూ 2,000, మొత్తం 24 లక్షలు. అతను అబద్ధమేమీ ఆడలేదు. కొందరు గోడల వరకే కొలుస్తారు, కొందరు పోర్టికోను సగానికి లెక్క కడతారు, కొందరు స్లాబు పడిన చోటల్లా పూర్తిగా లెక్కిస్తారు. ఏ కొలతో కాగితం మీద రాసుకోని రేటుకు అర్థం లేదు.

మిగతా 8 లక్షలు ఆ రేటులో లేని పనులవి. ప్రహరీకీ గేటుకీ 2 లక్షలు, బోరుకూ మోటారుకూ 1.3 లక్షలు, నీటి సంపుకూ సెప్టిక్ ట్యాంకుకూ 1.2 లక్షలు, అల్మారాలకూ వంటింటి చెక్కపనికీ 2 లక్షలు, ప్లాను, అనుమతి, కరెంటు, నల్లా కనెక్షన్లకు లక్షన్నర. ఇవి లేకుండా ఏ ఇంట్లోనూ కాపురం ఉండలేం. కానీ అడుగు రేటు చెప్పేటప్పుడు వీటిని కలిపి చెప్పేవాళ్లు చాలా తక్కువ. ఆయన కట్టుకున్న 1,000 అడుగుల ఇంటికి అసలు ఖర్చు అడుగుకు 3,200 పడిందన్నమాట.

ఇల్లు కట్టేవాళ్లు రోజూ ఆరా తీసేది మాత్రం సిమెంటు ధర, ఇనుము ధర. ఆ ఆదుర్దా ఎంతవరకు అవసరమో ఒకసారి లెక్క చూద్దాం. మామూలు ఇంటికి చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు, మూడున్నర నుంచి 4 కిలోల ఇనుము పడుతుందని ఇంజనీర్లు ఉరామరిగా వేస్తారు. 1,000 అడుగులకు 400 బస్తాలు, 4 టన్నులు. బస్తాకు 20 రూపాయలు పెరిగితే ఇంటి మొత్తం మీద పడే భారం 8,000. ఇనుము కిలోకు 5 రూపాయలు పెరిగితే 20,000. రెండూ కలిసినా అడుగుకు 28 రూపాయలే. టేపు దగ్గర బావగారికి పడిన దెబ్బ అడుగుకు 400.

నేల సంగతి వేరు. గట్టి మొరం ఉన్నచోట నాలుగైదు అడుగుల లోతులో ఫుటింగు వేస్తే సరిపోవచ్చు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసి పునాదిని కదిలిస్తుంది కాబట్టి ఇంకా లోతుకు, గట్టి నేల తగిలేదాకా పోవాలి. పక్క వీధి ఇంటి రేటు విని మన ఇంటికి లెక్క వేయకూడదు అనేది ఇందుకే. ముందు ఒక గుంత తవ్వించి ఇంజనీరుకు చూపించాలి.

అనుమతుల ఖర్చు ఇంటి సైజు కన్నా స్థలం చరిత్రను బట్టి ఉంటుంది. తెలంగాణలో 2020 చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు మేడ వరకు పేరు నమోదు చేసుకుంటే చాలు. అంతకుమించిన మామూలు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. సులువైందని ప్లాను దాటి కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. అసలు భారం పడేది అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొన్నవాళ్ల మీద. క్రమబద్ధీకరణ రుసుము కాకుండా ఖాళీ స్థలం వాటా కింద ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. ఆ విలువ 10 లక్షలైతే ఈ ఒక్క పద్దే 1.4 లక్షలు. ఇది ఏ కాంట్రాక్టరు రేటులోనూ ఉండదు.

బావగారిని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది డబ్బు ఇచ్చిన వరస. ఒప్పందం ప్రకారం అడ్వాన్సు 20 శాతం, పునాది అయ్యాక 20, స్లాబు పడ్డాక 30, ప్లాస్టరింగుకు 20, చివర 10. చూడటానికి సబబుగానే ఉంది. స్లాబు పడ్డ రోజు వీధివాళ్లకు మిఠాయిలు పంచి మూడో విడత చేతిలో పెట్టారు. అప్పటికి ఇచ్చింది 70 శాతం, అంటే 16.8 లక్షలు. కానీ పునాది, స్తంభాలు, స్లాబు కలిపి మొత్తం పనిలో సుమారు 45 శాతమే ఉంటుంది. జరిగిన పని విలువ 10.8 లక్షలు. గోడలు, ప్లాస్టరింగు, టైల్స్, తలుపులు, వైరింగు, పైపులు, రంగులు, అన్నీ కలిపి 13.2 లక్షల పని మిగిలి ఉంటే, కాంట్రాక్టరుకు ఇంకా రావలసింది 7.2 లక్షలే. ఇక అతనికి ఆ ఇంటి మీద ధ్యాస ఎందుకుంటుంది? కూలీలు వేరే సైటుకు వెళ్లిపోయారు. మూడు నెలలు సెంట్రింగు కర్రలు అలాగే నిలబడ్డాయి. నలుగురు పెద్దమనుషులు కూర్చున్నాకగానీ పని మళ్లీ మొదలవలేదు.

బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్లకు ఇది ఇంకా ఇరకాటం. బ్యాంకు ముందు మన సొంత వాటా ఖర్చయిందో లేదో చూస్తుంది. తర్వాత తన ఇంజనీరు వచ్చి, జరిగిన పనిని చూసి, ఆ మేరకే విడుదల చేస్తుంది. కాంట్రాక్టరు పనికి ముందే అడుగుతాడు, బ్యాంకు పని అయ్యాకే ఇస్తుంది. ఆ మధ్య దూరాన్ని చేబదుళ్లతో పూడ్చుకోవాల్సింది మనమే. రెండు విడతల పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని సంతకానికి ముందే సరిచేసుకోవాలి.

నేనైతే ఒప్పందం ఇలా రాయిస్తాను. అడ్వాన్సు 5 శాతం మించదు. పునాది బీము పూర్తయ్యాక 12, స్లాబు పడ్డాక 28. అక్కడికి 45 శాతం, పనీ డబ్బూ సమానం. గోడలు లేచాక 12, లోపలా బయటా ప్లాస్టరింగు అయ్యాక 13. టైల్స్, తలుపులు, కరెంటు, పైపుల పనికి 20, రంగులకు 5. చివరి 5 శాతం తాళాలు ఇచ్చే రోజున కూడా ఇవ్వను. స్లాబు కారుతుందా, బాత్రూము గోడ చెమ్మెక్కుతుందా అనేది ఒక వానాకాలం గడిస్తేనే తెలుస్తుంది. 24 లక్షల పనిలో ఆ 5 శాతం 1.2 లక్షలు. వానలు వెనకబట్టాక మేడ ఎక్కి, కింద గదుల కప్పులు చూసుకుని, అప్పుడు ఇవ్వండి.