పాత కుట్టు మిషన్ అమ్మాలంటే ఏం రాయాలి?

‘ఉషా కుట్టు మిషన్ అమ్మబడును. మోటారుతో సహా. మంచి కండిషన్. ధర మాట్లాడుకోవచ్చు.’

టైలరు షాపు అద్దం మీదా, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇలాంటి ప్రకటనలు తరచూ కనిపిస్తాయి. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ కొనేవాళ్లకు పనికొచ్చే ముక్క కూడా దాదాపు లేదు. ఏ రకం మిషన్? మోటారు ఇంట్లో ప్లగ్గులో పెడితే తిరుగుతుందా? బాబిన్ కేసు ఉందా? చివరిసారి ఎప్పుడు కుట్టారు? ఇవన్నీ ఫోన్లో ఒక్కొక్కటిగా అడగాలి. అమ్మేవాళ్లకే తెలియకపోతే ఆ ఫోను అక్కడితో ఆగిపోతుంది.

తెనాలిలో ఒక ఇంటిని ఊహించుకుందాం. అమ్మ ఇరవై ఏళ్లు జాకెట్లు కుట్టిన మిషన్‌ను కొడుకు అమ్మాలనుకున్నాడు. అతనికి కుట్టు రాదు. అయినా ఒక పూట కూర్చుంటే కొనేవాళ్లకు కావలసిన వివరాలన్నీ అతనే రాయగలడు.

మొదట రకం తేల్చుకోవాలి. పేరు కంటే రకమే ముఖ్యం. ఎందుకంటే ఒకే కంపెనీ ఇంటి మిషన్లూ చేస్తుంది, టైలరు మిషన్లూ చేస్తుంది. పైగా పాత తలకు కొత్త రంగు వేసి వేరే కంపెనీ స్టిక్కరు అంటించడం కష్టమేమీ కాదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇనుప స్టాండు మీద కూర్చునే నల్ల తల మిషన్. ఎడమ చివర, సూది కింద ఉన్న జారుడు రేకు తీస్తే బాబిన్ కేసు కనిపిస్తుంది. ఇది సాదా కుట్టు మాత్రమే వేస్తుంది. జిగ్‌జాగ్ మిషన్ అయితే సూది కుడికీ ఎడమకీ కదులుతుంది, నీడిల్ ప్లేటులో సూది దిగే రంధ్రం గుండ్రంగా కాకుండా అడ్డంగా, పొడవుగా ఉంటుంది. పీకో చేసేవాళ్లు ఇదే వెతుకుతారు. రెండు మూడు కండెలు నిలబెట్టి, గుడ్డ అంచు కోస్తూ కుట్టేది ఓవర్‌లాక్. పెద్ద బల్లకు బిగించి, కింద మోటారు వేలాడుతూ ఉండేదాన్ని జనం పవర్ మిషన్ అంటారు. ఇది వేగంగా నడిస్తే నిమిషానికి నాలుగైదు వేల కుట్లు కూడా వేస్తుంది. ఇంటి మిషన్ వేగం వెయ్యి లోపే.

ఏ రకమో చెప్పలేకపోతే సూది చూసి చెప్పవచ్చు. ఇంటి మిషన్ సూది పైభాగం ఒక వైపు చదునుగా ఉంటుంది. పవర్ మిషన్ సూది పైభాగం చుట్టూ గుండ్రంగా ఉంటుంది. ఒకదాని సూది రెండో దానికి సరిపోదు. కొనేవాళ్ల దగ్గర ఉన్న సూదులూ బాబిన్లూ పనికొస్తాయో లేదో ఈ ఒక్క వివరంతో చాలావరకు తేలిపోతుంది. తల మీద చెక్కిన నంబరు ఉంటే దాని ఫొటో కూడా పెట్టాలి. పాత సింగర్ మిషన్లకు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బట్టి తయారైన ఫ్యాక్టరీ, కాలం తెలుసుకోవచ్చు. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడ తయారైన తలలు మన ఊళ్లలో ఇంకా కుడుతూనే ఉన్నాయి.

ఇక మోటారు. ‘మోటారుతో సహా’ అన్న మాట ఎక్కువగా ముంచేది ఇక్కడే.

ఇంటి మిషన్‌కు చేతి చక్రం దగ్గర బిగించే చిన్న మోటారు, దానితో కాలి కింద పెట్టుకునే పెడలు వస్తాయి. దాని మీద అంటించిన రేకులో వోల్టులు, వాట్లు రాసి ఉంటాయి. ఆ రేకును ఫొటో తీస్తే సగం ప్రశ్నలు తీరతాయి. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన మిషన్ అయితే ఈ రేకు మరీ ముఖ్యం. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు మూతి మార్చే చిన్న అడాప్టరు వోల్టేజిని తగ్గించదు. రేకు మీద 120 మాత్రమే ఉంటే తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ప్రకటనలోనే చెప్పాలి.

పవర్ మిషన్‌కు రెండు రకాల మోటార్లు ఉంటాయి. క్లచ్ మోటారు స్విచ్ వేసిన దగ్గర్నుంచి కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూ, ఝుమ్మని మోగుతూ ఉంటుంది. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది, మిగతా వేళ నిశ్శబ్దం. వేగం తగ్గించి పెట్టుకోవచ్చు గనుక కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్నే కోరుకుంటారు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది. గార్మెంట్ ఫ్యాక్టరీలు అమ్మేసే పాత మిషన్లలో త్రీ ఫేజ్ మోటార్లు ఉంటాయి. వాటిని మామూలు ఇంటి ప్లగ్గులో పెట్టి నడపలేం. ఇది తెలియక కొన్నవాళ్లు మోటారుకు మళ్లీ ఖర్చు పెట్టుకోవాలి.

తెనాలి మిషన్‌కు మోటారు తర్వాత బిగించారు. అందువల్ల ఇంకో మాట కూడా రాయాలి: మోటారు బెల్టు తీసి, కింది తోలు బెల్టు వేస్తే మళ్లీ కాలితో తొక్కుకోవచ్చా? కరెంటు పోయే ఊళ్లో కొనేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ‘ఫుల్ కాపర్ వైండింగ్’ లాంటి మాటలు మాత్రం విప్పి చూడకుండా రాయకూడదు.

సామాను లెక్క సులభమే, కానీ ‘సామాన్లన్నీ ఉన్నాయి’ అంటే చాలదు. అన్నీ ఒక బల్ల మీద పరిచి ఒకే ఫొటో తీసి, పేరుపేరునా రాయాలి: స్టాండు, బల్ల, మూత, పెడలు, బెల్టు, బాబిన్లు ఎన్ని, ఫుట్లు ఏవేవి. బాబిన్ కేసు మిషన్‌లోనే ఉండిపోతుంది గనుక దాన్ని మరిచిపోతారు. అది లేకుండా మిషన్ కుట్టదు. జిగ్‌జాగ్ మిషన్ అయితే పీకో ఫుట్, జిప్పు ఫుట్ ఉన్నాయో లేదో చెప్పాలి. లేనివి కూడా రాస్తే మంచిది. ‘మూత లేదు, బల్లకు కుడి మూల సన్‌మైకా లేచింది’ అని ముందే చదివినవాళ్లు ఇంటికొచ్చి బేరం తిరగబెట్టరు.

సర్వీసు సంగతికొస్తే, తల మీది రంధ్రాల్లో నాలుగు చుక్కల నూనె వేయడం సర్వీసు కాదు. మెకానిక్ చేసే సర్వీసులో తల విప్పి దుమ్ము, నూలు పీచు తీస్తారు, ఎండిన నూనె కడిగేస్తారు, షటిల్ టైమింగూ దారం టెన్షనూ సరిచేస్తారు, అరిగిన బెల్టు మారుస్తారు. కాబట్టి ఎవరు, ఏ నెలలో చేశారు, ఏం మార్చారు అన్నవి రాయాలి. బిల్లు ఉంటే సరే, లేకపోతే లేదని రాయాలి. సర్వీసు తేదీ పక్కనే చివరిసారి కుట్టిన తేదీ కూడా ఉండాలి. సర్వీసు చేయించి రెండేళ్లు మూలన పెట్టిన మిషన్‌లో నూనె జిగురై పోవచ్చు. కొబ్బరి నూనె, వంట నూనె వేసిన మిషన్లలో ఈ జిగురు త్వరగా పడుతుంది. బెల్టు తప్పించి చేతి చక్రాన్ని వేళ్లతో తిప్పితే అది తెలిసిపోతుంది. చక్రం తేలిగ్గా, ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడో ఒకచోట బరువెక్కితే లోపల దారం చుట్టుకొని ఉండాలి, లేదా జిగురు పట్టి ఉండాలి.

అసలు పరీక్ష కుట్టు. మోటారు తిరగడం వేరు, మిషన్ కుట్టడం వేరు. స్విచ్ వేస్తే సూది పైకీ కిందికీ ఆడింది గనుక ‘రన్నింగ్ కండిషన్’ అని రాస్తారు. కింది దారం అందకపోయినా సూది అలాగే ఆడుతుంది. కుట్టి చూడటానికి కొత్త సూది వేసి, పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం పెట్టాలి. చేతి చక్రాన్ని ఎప్పుడూ కుట్టేవాళ్ల వైపుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే దారం చిక్కుపడుతుంది. పాప్లిన్ గుడ్డ రెండు మడతల మీద జానెడు కుట్టి, తర్వాత జీన్స్ గుడ్డ నాలుగు మడతల మీద కుట్టాలి. వెనక్కి కుట్టే మీట ఉంటే అదీ చూడాలి. మోటారును పది నిమిషాలు నడపాలి. కాస్త వెచ్చబడటం మామూలే. కాలిన వాసన వచ్చినా, పెడలు కొద్దిగా నొక్కగానే ఒక్కసారిగా పూర్తి వేగం అందుకున్నా రాసి తీరాలి.

రెండు రంగుల దారం ఎందుకంటే, లోపం ఎక్కడుందో గుడ్డే చూపిస్తుంది. కుట్టు సరిగ్గా ఉంటే పైన ఎరుపు, కింద తెలుపు కనిపిస్తాయి, రెండూ గుడ్డ మధ్యలో ముడిపడతాయి. గుడ్డ కింద ఎర్ర దారం ఉచ్చులుగా వేలాడితే చాలామంది బాబిన్‌ను తిడతారు. నిజానికి అప్పుడు చూడాల్సింది పై దారాన్ని: అది టెన్షన్ రేకుల మధ్యలోకి వెళ్లలేదు, లేదా టెన్షన్ వదులుగా ఉంది. పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ బిగిసింది, లేదా బాబిన్ కేసు స్క్రూ వదులైంది. వీటిలో చాలావరకు ఇంట్లోనే సర్దుకోవచ్చు. మధ్యమధ్య కుట్టు తప్పిపోతుంటే మొదట సూది వంగిందేమో, తిరగేసి పెట్టారేమో చూడాలి. కొత్త సూది సరిగ్గా వేసినా తప్పుతుంటే టైమింగ్ చెదిరి ఉండవచ్చు, దానికి మెకానిక్ కావాలి.

ఇవన్నీ చూశాక తెనాలి ప్రకటన ఇలా తయారవుతుంది:

‘ఉషా నల్ల తల మిషన్, ఇనుప స్టాండుతో. సాదా కుట్టు మాత్రమే, జిగ్‌జాగ్ రాదు. ఇంటి మిషన్ సూది పడుతుంది. మోటారు తర్వాత బిగించింది, 230 వోల్టులు, రేకు ఫొటో ఉంది. బెల్టు మార్చి కాలితోనూ తొక్కవచ్చు. పెడలు, బాబిన్ కేసు, ఆరు బాబిన్లు, మూడు సూదులు ఇస్తాం. మూత లేదు. సర్వీసు గత ఆగస్టులో, టైమింగ్ సరిచేశారు, బెల్టు కొత్తది, బిల్లు లేదు. ఈ ఆదివారం పాప్లిన్, జీన్స్ మీద కుట్టి చూశాం. పాప్లిన్ మీద కుట్టు సరిగ్గా పడింది. జీన్స్ నాలుగు మడతల మీద మోటారు ఆగుతోంది, చక్రానికి చేయి సాయం ఇవ్వాలి. కుట్టిన గుడ్డ ఫొటో, రెండు వైపులా, జత చేశాం.’

కుట్టి చూసే వీలే లేకపోతే, ‘కుట్టి చూడలేదు, చక్రం చేత్తో తిరుగుతోంది, మోటారుకు కరెంటు ఇవ్వలేదు’ అని రాయవచ్చు. మెకానిక్కులు, విడిభాగాల కోసం వెతికేవాళ్లు ఇలాంటివి చూసే కొంటారు. వాళ్లు మరమ్మతు ఖర్చు లెక్క వేసుకుని ధర చెబుతారు. అదే మిషన్‌ను ‘బాగుంది’ అని అమ్మితే వారం తిరక్కుండా డబ్బు వెనక్కి అడిగే ఫోను రావచ్చు.

తీసుకెళ్లే విషయం కూడా ప్రకటనలో ఒక వాక్యం కావాలి. ఇనుప తల ఒక్కటే పది కిలోలకు పైగా తూగుతుంది. బెల్టు తప్పించి, తలను వెనక్కి వాల్చి కీలు స్క్రూలు వదులు చేస్తే స్టాండు నుంచి విడిగా వస్తుంది. ఆయిల్ ట్యాంకు ఉన్న పవర్ మిషన్ అయితే నూనె ముందే తీసేయాలి, లేకపోతే ఆటోలో వంగినప్పుడల్లా కారుతుంది. తల విప్పి ఇస్తారా, కొనేవాళ్లే మనిషిని తెచ్చుకోవాలా అన్నది ముందే రాస్తే, వచ్చేవాళ్లు స్క్రూడ్రైవరూ ఇంకో మనిషి సాయమూ వెంటబెట్టుకొని వస్తారు.