లేచి కూర్చున్నారు సరే, షుగర్ మళ్లీ పడిపోతే?

ఒక ఇల్లు ఊహించుకుందాం. వివరంగా చెప్పడానికి అల్లిన ఉదాహరణే గానీ, ఇందులో జరిగేవన్నీ మన ఊళ్లలో, మన ఆస్పత్రుల్లో జరిగేవే. 74 ఏళ్ల పెద్దావిడ. చాలా ఏళ్లుగా షుగర్. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్ల పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటుంది. రెండు రోజులుగా విరేచనాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆఫ్లాక్సాసిన్ బిళ్లలు ఇచ్చాడు. నోటికి ఏమీ సహించక నాలుగు చెంచాల జావ తాగి పడుకుంది. షుగర్ బిళ్ల మాత్రం మానలేదు. ఏది మానినా అది మానకూడదని ఆవిడకు గట్టిగా నాటుకుపోయింది.

మూడో రోజు తెల్లవారుజామున కోడలు "అత్తయ్యా, కాఫీ తెచ్చాను" అని పిలిస్తే ఏదో పొంతన లేని మాట మాట్లాడింది. నాలుక మందంగా ఉంది, జాకెట్టు చెమటతో తడిసిపోయింది. "పక్షవాతమేమో, కారు తియ్యి" అన్నాడు కొడుకు. మనవడికి ఇంట్లో గ్లూకోమీటర్ ఉన్న సంగతి గుర్తొచ్చి వేలు గుచ్చి చూశాడు. 38.

రక్తంలో గ్లూకోజు 70కి దిగితే తక్కువ అంటారు. 54 కన్నా దిగితే మెదడుకు ఇంధనం చాలడం లేదన్నమాట. వయసులో ఉన్నవాళ్లకైతే ముందే గుండె దడ, చేతుల వణుకు, ఆకలి వచ్చి హెచ్చరిస్తాయి. పెద్దవాళ్లలో ఆ హెచ్చరికలు మందగిస్తాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ బిళ్లలు వేసుకునేవాళ్లలో దడా వణుకూ దాదాపు తెలియవు, చెమట ఒక్కటే మిగులుతుంది. అందుకే వాళ్లలో షుగర్ పడిపోవడం తికమకగా, అకారణమైన కోపంగా, మగతగా, బాత్రూమ్‌లో జారిపడటంగా బయటపడుతుంది. ఒక్కోసారి ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయి అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. షుగర్ బిళ్లలు వాడే మనిషి మాటా నడకా ఉన్నట్టుండి తేడాగా కనిపిస్తే ముందు వేలు గుచ్చి చూడండి. మీటర్ తెర మీద అంకె బదులు LO అని వస్తే అది పాడైందనుకోకండి. మీటరు కొలవగలిగిన దానికన్నా కిందికి షుగర్ దిగిపోయిందని అర్థం. మీటరే లేకపోతే షుగర్ తగ్గిందనే అనుకుని తీపి ఇవ్వాలి. ఒకవేళ నిజంగా పెరిగి ఉన్నా ఆ కాస్త తీపితో వచ్చే నష్టం చాలా తక్కువ. తగ్గి ఉంటే మాత్రం ఆలస్యం మెదడును దెబ్బతీస్తుంది. ఇంత చెప్పినా కొన్ని ఇళ్లలో "షుగర్ ఎక్కువై ఇలా అయింది" అని ఇంకో బిళ్ల వేస్తారు. అంతకన్నా ప్రమాదం లేదు.

మన ఉదాహరణలోని మనవడు ఆ పని చెయ్యలేదు. అవ్వకు స్పృహ ఉంది, గుటక వెయ్యగలుగుతోంది. మూడు టీ స్పూన్ల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో కరిగించి తాగించాడు. పదిహేను నిమిషాలు ఆగి చూస్తే 61. ఇంకోసారి అంతే ఇచ్చాడు. ఈసారి 92. ఆవిడ కళ్లు తెరిచి "ఏమైందిరా?" అంది. చాక్లెట్టు, బిస్కెట్లు, పాలు ఇవ్వకుండా పంచదార నీళ్లే ఇవ్వడంలో తెలివి ఉంది. కొవ్వు ఉన్న పదార్థం పొట్టలో నిలిచిపోయి గ్లూకోజు ఆలస్యంగా రక్తంలోకి వెళుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు వోగ్లిబోస్ కూడా కలిపిన మూడు మందుల బిళ్లలు మన దగ్గర చాలామంది వాడతారు. పంచదార పేగుల్లో విడిపోయి గ్లూకోజుగా మారాక గానీ రక్తంలోకి వెళ్లదు. వోగ్లిబోస్ పనే ఆ విడగొట్టడాన్ని అడ్డుకోవడం. అకార్బోస్ కూడా అంతే. ఈ మందులు వాడేవాళ్లకు పంచదార నీళ్లు పోస్తే అంకె త్వరగా పెరగదు. ఇంట్లో గ్లూకోజు పొడి ఉండాలి, అదీ రుచులేవీ కలపనిది. నారింజ, నిమ్మ రుచుల ప్యాకెట్లలో మామూలు పంచదార కలిసి ఉండవచ్చు. ఇప్పుడే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివి చూడండి.

స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. నీళ్లు, తేనె, పళ్లరసం ఏదైనా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, "షుగర్ బిళ్లలు వాడే మనిషి, స్పృహ తప్పింది" అని ముందే చెప్పాలి. వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లాలి.

మళ్లీ మన ఇంటికి వద్దాం. అవ్వ రెండు ఇడ్లీలు తింది, మాట స్పష్టంగా వచ్చింది. "గండం గడిచింది" అనుకున్నారు. కొడుకు పొలం వెళ్లాడు, మనవడు కాలేజీకి వెళ్లాడు. పదకొండు గంటలకు కోడలు చూస్తే అవ్వ మళ్లీ మగతలో ఉంది. 47.

నా దృష్టిలో ఈ కథలో అసలు ప్రమాదం తెల్లవారుజామున వచ్చిన 38 కాదు, ఈ 47. ఎందుకంటే ఈ బిళ్లలు పని చేసే తీరే అలాంటిది. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ అన్నీ సల్ఫనైల్యూరియా అనే ఒకే కుటుంబం. మామూలుగా మన క్లోమం రక్తంలో గ్లూకోజు పెరిగినప్పుడు ఇన్సులిన్ వదులుతుంది, తగ్గితే ఆపేస్తుంది. ఈ మందు ఆ అదుపును పక్కకు నెట్టి, కణాలతో ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. పొలంలో ఆటో స్టార్టర్ పెట్టిన మోటారు కరెంటు ఉన్నంతసేపూ తోడినట్టే, మడి నిండిందా లేదా దానికి పట్టదు. గ్లిమెపిరైడ్ ప్రభావం మామూలుగానే ఇరవై నాలుగు గంటలదాకా ఉంటుంది. మనం ఇచ్చిన పంచదార ఒకటి రెండు గంటల్లో ఖర్చయిపోతుంది. పైగా ఆ తీపే క్లోమాన్ని మళ్లీ రెచ్చగొట్టి మరికాస్త ఇన్సులిన్ వదిలిస్తుంది.

కాబట్టి ఈ బిళ్లల వల్ల పెద్దవాళ్లకు మనిషి తేడాగా మారేంత షుగర్ పడితే, తేరుకున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఒక గ్లూకోజు ఇంజెక్షన్ వేయించి గంటలో ఇంటికి తెచ్చేసుకుంటే, నిద్రలో మళ్లీ పడిపోయినప్పుడు గమనించేవాళ్లు ఉండరు. ఆస్పత్రిలో మొదట 25 శాతం డెక్స్ట్రోజ్ నరంలోకి ఎక్కిస్తారు, తర్వాత 10 శాతం డ్రిప్ నెమ్మదిగా నడుపుతూ గంటగంటకూ షుగర్ చూస్తారు. అయినా మళ్లీ మళ్లీ పడుతుంటే ఆక్ట్రియోటైడ్ అనే ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తారు. అది నేరుగా క్లోమం ఇన్సులిన్ వదలడాన్నే అణిచిపెడుతుంది. ఇది చిన్న ఊళ్ల ఆస్పత్రుల్లో దొరకకపోవచ్చు, దొరకని చోట డ్రిప్ మీదే నెట్టుకొస్తారు. కనీసం ఒక రోజు, కిడ్నీలు దెబ్బతిని ఉంటే రెండు మూడు రోజులు ఉంచుతారు. "బాగానే ఉందిగా, పంపించెయ్యండి" అని డాక్టరును తొందరపెట్టే బంధువులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి అన్నేళ్లుగా పడిన బిళ్ల ఆ రోజే ఎందుకు పడలేదు? ఒక్క కారణం కాదు, నాలుగు ఒకచోట చేరాయి. తిండి లేదు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి కిడ్నీల పని మందగించింది. గ్లిమెపిరైడ్ లివర్‌లో మారాక కూడా కొంత శక్తి నిలుపుకుంటుంది, ఆ భాగం మూత్రంలోనే పోవాలి. గ్లిబెన్‌క్లమైడ్ సంగతీ అంతే. కిడ్నీ మందగిస్తే అవి ఒంట్లో పేరుకుంటాయి. నాలుగోది ఆఫ్లాక్సాసిన్. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ కూడా ఉన్న ఈ గుంపు యాంటీబయాటిక్స్ షుగర్ బిళ్లలతో కలిస్తే గ్లూకోజును బాగా దించగలవు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే కోట్రైమాక్సజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్ కూడా అలాంటివే. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1942లో ఫ్రాన్స్‌లోని మాంపెల్లియేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తే కొందరికి షుగర్ పడిపోయింది. జాన్‌బన్ అనే వైద్యుడు ఆ సంగతి గమనించాడు. ఈ షుగర్ బిళ్లల వంశం అక్కడే మొదలైంది. అంటే అప్పటి దుష్ప్రభావమే ఇప్పటి మందు.

ఇవిగాక ఇంకొన్ని దారులున్నాయి. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు, రంజాన్ రోజాలు ఉంటూ బిళ్ల మాత్రం మామూలుగా వేసుకోవడం ఒకటి. ఒక డాక్టరు రాసింది వాడుతూనే, ఇంకో డాక్టరు వేరే కంపెనీ పేరుతో రాసిన అదే మందును కలిపి వాడటం ఒకటి. మతిమరుపుతో ఒక పూటకు రెండు సార్లు వేసుకోవడం కూడా తక్కువేమీ కాదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం "ఈ మధ్య అమ్మకు షుగర్ చాలా కంట్రోల్‌లో ఉంది" అనే సంతోషం. తిండి మారలేదు, మందు మారలేదు, అయినా షుగర్ తనంతట తాను దిగుతోందంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. ఒంట్లోని ఇన్సులిన్‌ను విరిచేసే పనిలో కిడ్నీలకూ వాటా ఉంది. అవి సరిగా పని చెయ్యకపోతే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. అప్పుడు సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. సంబరపడి అదే మోతాదు కొనసాగించకూడదు.

ఆస్పత్రిలో ఆ పెద్దావిడ క్రియాటినిన్ 2.1 వచ్చింది. ఆ స్థాయిలో పాత బిళ్ల పనికిరాదు. గ్లిమెపిరైడ్ ఆపేశారు, అంత కిడ్నీ బలహీనతలో మెట్‌ఫార్మిన్ కూడా ఆపారు. గ్లిబెన్‌క్లమైడ్ అరవై దాటినవాళ్లకు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. ఈ కుటుంబంలోనిదే వాడక తప్పదంటే, శక్తిలేని రూపంలోకి మారిపోయే గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ కాస్త మేలు. ఈవిడకు మాత్రం డాక్టరు సిటాగ్లిప్టిన్ తగ్గించిన మోతాదులో రాశారు. అది గ్లూకోజు ఎక్కువగా ఉన్నప్పుడే ఎక్కువ పని చేస్తుంది, ఒంటరిగా వాడితే షుగర్ పడిపోవడం అరుదు. 2022లో పేటెంట్ ముగిశాక మన దేశంలో దాని ధరా బాగా దిగింది. కాబట్టి "పాతదే చౌక" అన్న వాదన ఇప్పుడంత బలంగా నిలవదు. మూడు నెలల సగటు షుగర్ ఆవిడకు 7 లోపు ఉండాలన్న పట్టుదల వదిలి, 8 దగ్గర ఉన్నా చాలన్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసిచ్చారు. తిండి సహించని రోజున, వాంతులు, విరేచనాలు ఉన్న రోజున ముందు షుగర్ చూడాలి, బిళ్ల వేసే ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. కొత్త యాంటీబయాటిక్ ఎవరు రాసినా, వాడుతున్న షుగర్ మందు పేరు వాళ్లకు చూపించాలి.